అంకెల్లో కాస్త తప్పు, అదీ లెక్కప్రకారం

ఒక చిన్న వీధిలో ముగ్గురే నివసిస్తున్నారనుకోండి. జనగణన శాఖ వాళ్ల పేర్లు బయటపెట్టదు. ముగ్గురి సగటు వయసు 44 అని, వయసుల వరుసలో మధ్యన ఉన్నవారికి 30 అని ఒక పట్టికలో వేస్తుంది. 18 ఏళ్లలోపు వారెవరూ లేరని, 80 ఏళ్లు నిండినవారు ఒకరున్నారని మరో పట్టికలో చూపిస్తుంది. ఏ అంకెకి ఆ అంకె అమాయకమైనదే. కానీ సగటు 44 అంటే మొత్తం 132. మధ్యవారి 30 తీసేస్తే మిగతా ఇద్దరికీ కలిపి 102. పెద్దాయనకి 80కి తక్కువ ఉండకూడదు, చిన్నవాడికి 18కి తక్కువ ఉండకూడదు. అంటే 80–22 నుంచి 84–18 దాకా ఐదే జతలు మిగులుతాయి. ఆడ, మగ, కులం పట్టికలు కూడా దొరికితే ఆ ఐదూ ఇంకా తగ్గుతాయి. పేరు దాచినంత మాత్రాన మనిషి దాగినట్టు కాదు.

అమెరికా జనగణన శాఖ ఈ పని పెద్ద ఎత్తున తన మీదే చేసి చూసుకుంది. 2010లో తాను ప్రచురించిన పట్టికలే తీసుకుని 30.87 కోట్ల మంది రికార్డులను తిరిగి కట్టింది. వాటిలో 46 శాతం అసలు రికార్డులతో అచ్చంగా సరిపోయాయి. వాణిజ్య సంస్థల దగ్గరున్న డేటాతో కలిపితే జనాభాలో 17 శాతం మంది పేర్లతో సహా పట్టుబడ్డారు. అప్పట్లో రక్షణ లేదని కాదు. కొన్ని కుటుంబాల రికార్డులను ఇంకోచోటి కుటుంబాల రికార్డులతో తారుమారు చేసేవారు. ఎన్నింటిని మార్చారో మాత్రం రహస్యం. నాకు అభ్యంతరమల్లా ఆ రహస్యం మీదే. తప్పు అప్పుడూ ఉంది, కాకపోతే ఎంతో పాఠకుడికి తెలియలేదు.

2006లో సింథియా డ్వర్క్, ఫ్రాంక్ మెక్‌షెర్రీ, కోబీ నిస్సిమ్, ఆడమ్ స్మిత్ ప్రతిపాదించిన డిఫరెన్షియల్ ప్రైవసీ ఈ రహస్యాన్ని వదిలేస్తుంది. ఒక మనిషి డేటాలో ఉన్నా లేకపోయినా బయటికొచ్చే జవాబు దాదాపు ఒకేలా ఉండాలి, ఆ ‘దాదాపు’ ఎంతో ముందే చెప్పాలి అన్నది దాని షరతు. ఆ కొలత పేరు ఎప్సిలాన్. ఊళ్లో ఒక జబ్బున్నవాళ్లు 7 మంది అనుకుందాం. ఎప్సిలాన్ 1 అయితే, ఆ లెక్కకి సగటున ఒకటి అటూఇటూ అయ్యేలా యాదృచ్ఛికంగా ఒక అంకె కలుపుతారు. తేడా మూడు దాటేది నూటికి అయిదుసార్లే. ఎప్సిలాన్ 0.1 అయితే సగటు తేడా పదికి చేరుతుంది. అప్పుడు 7 అన్న లెక్కకి అర్థమే ఉండదు, 70 వేల లెక్కకి మాత్రం ఏమీ కాదు. అదే ప్రశ్న వందసార్లు వేసి సగటు తీస్తే అసలు అంకె బయటపడదా అంటారేమో. పడుతుంది. అందుకే ప్రతి జవాబుకీ అయిన ఎప్సిలాన్ కూడుతూ పోతారు. అనుకున్న మొత్తం ఖర్చయ్యాక ఇక జవాబు ఉండదు.

అమెరికా 2020 జనగణనలో ఈ పద్ధతి అమలయ్యాక గొడవ మొదలైంది. రాష్ట్రాల మొత్తం జనాభాను మార్చలేదు గానీ, చిన్న బ్లాకుల్లో వింతలు కనిపించాయి. కొన్నిచోట్ల పెద్దవాళ్లు లేకుండా పిల్లలే ఉన్నారు. అలబామా రాష్ట్రం కోర్టుకెక్కి 2021లో ఓడిపోయింది. ఈ ఫిర్యాదుల్లో నిజముంది. కానీ వింతలకు కారణం కలిపిన అంకె ఒక్కటే కాదు. ఆ తరువాత మైనస్ అంకెలు రాకుండా, అన్ని పట్టికల మొత్తాలూ కలిసేలా సర్దారు. ఆ సర్దుబాటే చిన్న లెక్కలను పైకి, పెద్ద లెక్కలను కిందికి నెడుతుంది. సర్దకముందటి అంకెలను శాఖ 2023లో విడుదల చేసింది కాబట్టి ఈ తేడాను ఎవరైనా కొలుచుకోవచ్చు. తారుమారు పద్ధతిలో ఆ వీలెక్కడిది? స్టీవెన్ రగుల్స్ వంటి పరిశోధకులు ఇంకో మాటన్నారు. తిరిగి కట్టిన రికార్డుల్లో చాలావరకు కాకతాళీయంగానే సరిపోయాయని. 46 శాతం మీద ఆ వాదనకు బలముంది. అయినా బ్లాకులో తనలాంటివారు ఇంకొకరు లేని మనిషికి, అంటే రక్షణ ఎక్కువ అవసరమైనవాడికి, ఆ ఓదార్పు పనికిరాదు.

నా దృష్టిలో గట్టి విమర్శ వేరే ఉంది. నియోజకవర్గాల పునర్విభజన పట్టికలకు అమెరికా జనగణన శాఖ పెట్టుకున్న ఎప్సిలాన్ మొత్తం 19.61. ఎప్సిలాన్ 1 దగ్గర ఒకరి డేటా వల్ల ఒక జవాబు వచ్చే అవకాశం మహా అయితే 2.7 రెట్లు మారుతుంది. 19.61 దగ్గర 30 కోట్ల రెట్లు దాటినా షరతు ఒప్పుకుంటుంది. నిజమైన దాడిలో ప్రమాదం అంత ఉండదు గానీ, సిద్ధాంతం ఇచ్చిన హామీ మాత్రం పలచబడిపోయింది. అయినా ఈ లోపాన్ని నేను వేలెత్తి చూపగలుగుతున్నానంటే వాళ్లు ఆ అంకెను ప్రకటించబట్టే.

మన దేశంలో 2027 జనగణన కులాన్నీ లెక్కిస్తుంది. ఒక ఊళ్లో రెండే ఇళ్లున్న కులానికి వయసు, చదువు, వృత్తి పట్టికలు విడివిడిగా వేస్తే ఆ ఇళ్లు ఎవరివో ఊరందరికీ తెలుస్తుంది. 1948 నాటి జనగణన చట్టం రికార్డులను ఎవరికీ చూపొద్దంటుంది. పట్టికల నుంచి రికార్డును తిరిగి కట్టడం ఆనాటి ఊహకందని పని. చిన్న లెక్కల్ని ఏ పద్ధతిలో మార్చబోతున్నారో, ఎంత తప్పు ఒప్పుకుంటారో పట్టికలు రాకముందే జనగణన కమిషనర్ ప్రకటించాలి.