బోరు మోటారు బిల్లు వివరం అడుగుదాం: అపార్ట్‌మెంట్ సంఘాలకు ఒక విన్నపం

అపార్ట్‌మెంట్ ఓనర్ల సంఘాల అధ్యక్ష, కార్యదర్శులకు, కోశాధికారులకు, నెలనెలా మెయింటెనెన్స్ కట్టే ప్రతి ఫ్లాటు యజమానికి ఈ కరపత్రం. మనం కోరుతున్నది ఒక్కటే. అనుకున్నదానికంటే ఎక్కువ బిల్లు వచ్చినప్పుడు బేరమాడటం మానేసి వివరం అడుగుదాం. ఆ అడగడాన్ని బిల్లు వచ్చాక పుట్టే అనుమానంగా కాక, పని మొదలుకాకముందే అందరికీ తెలిసిన సంఘం పద్ధతిగా మారుద్దాం. లిఫ్టు, జనరేటర్, పెయింటింగ్, దేనికైనా ఇది పనికొస్తుంది గానీ, గొడవ ఎక్కువగా జరిగేది బోరు మోటారు దగ్గరే. పని సగం భూమి లోపల జరుగుతుంది, ఎవరికీ కనపడదు. పైగా నీళ్లు లేని రోజున ఎవరూ లెక్కలు అడగరు. కాబట్టి ఆ ఒక్క బిల్లునే విప్పి చూద్దాం.

నలభై ఫ్లాట్ల అపార్ట్‌మెంట్ అనుకుందాం. 480 అడుగుల లోతులో ఉన్న 5 హెచ్‌పీ మోటారు కాలిపోయింది. మెకానిక్ షాపు ఆయన ఫోన్లో ‘ఇరవై రెండు వేల దాకా అవుతుందండీ’ అన్నాడు. రెండు రోజుల్లో నీళ్లొచ్చాయి. మూడో రోజు బిల్లొచ్చింది: ‘బోరు మోటారు రిపేరు, సామాన్లు, లేబర్ 41,000, జీఎస్టీ 18 శాతం 7,380, మొత్తం 48,380’. ఇది లెక్క కోసం కల్పించుకున్న ఉదాహరణే. అయినా బిల్లు ఇలా ఒకే ముక్కలో రావడం, దాన్ని ఫోటో తీసి సంఘం వాట్సాప్ గ్రూపులో పెట్టగానే ‘దోచేస్తున్నారు’ అని ఎవరో ఒకరు రాయడం మనకు కొత్త కాదు. ఆ వేడిలో కార్యదర్శి ఫోన్ చేసి, ‘ఇరవై రెండన్నారు, నలభై ఎనిమిదేంటండీ?’ అంటాడు. అవతలి ఆయనకు అందులో ప్రశ్న వినిపించదు, నింద వినిపిస్తుంది. ‘నేనేమైనా ఇంట్లో పెట్టుకున్నానా సార్, సామాను రేట్లు తెలుసా మీకు?’ అని తన నిజాయితీని కాపాడుకునే పనిలో పడతాడు. చివరికి విసిగి, ‘సరే, మూడు వేలు తగ్గించి ఇవ్వండి’ అంటాడు. ఇటు గెలిచామనుకుంటారు, అటు నష్టపోయాననుకుంటాడు. ఆ మూడు వేలు ఎందులోంచి తగ్గాయో ఇద్దరికీ తెలియదు. మోటారు మళ్లీ పాడైతే ఇదే సంభాషణ మొదటినుంచీ నడుస్తుంది. తగ్గింపు దొరికిందంటే బిల్లు తప్పని రుజువైనట్టు కాదు, మొత్తం డబ్బు కట్టామంటే బిల్లు ఒప్పని తేలినట్టూ కాదు. తప్పొప్పులు తేలేది వివరంలోనే.

ఆ ఒక్క ముక్క వెనక ఏమేమి ఉండొచ్చో తెలిస్తే అడిగే గొంతు దానంతటదే మారుతుంది. 480 అడుగులంటే ఇరవై అడుగుల జీఐ పైపులు ఇరవై నాలుగు. చైన్ పుల్లీ కట్టి ఒక్కొక్క పైపునూ లేపి, విప్పి, పక్కన పేర్చాలి. పని అయ్యాక మళ్లీ అదే వరసలో దింపాలి. ఫోన్లో చెప్పిన ఇరవై రెండు వేలు సాధారణంగా ఈ లేపడం, దింపడం, వైండింగ్, బేరింగు, బుష్‌ల వరకే. మిగతాది మోటారు పైకొచ్చాకే తెలుస్తుంది. పైపు మరలు అరిగిపోయి ఉండొచ్చు. తుప్పు తిన్నచోట చిల్లి పడి ఉండొచ్చు. కేబుల్ పైపుకు రాసుకుని తొడుగు చీలిపోయి ఉండొచ్చు. నీళ్లతో ఇసుక వస్తుంటే పంపు స్టేజీల్లో ఇంపెల్లర్లు అరిగిపోతాయి. వీటిలో దేన్నీ ఫోన్లో ముందే చెప్పడం ఆయన చేతిలో లేదు. ఆయన చేయగలిగిందీ, చేయనిదీ ఒకటుంది. మోటారు పైకొచ్చిన గంటలో ‘ఇవీ పాడయ్యాయి, ఇంత పెరుగుతుంది’ అని ఒక ఫోన్ చేయడం. చాలా గొడవల్లో అసలు లోపం ఈ ఫోన్ రాకపోవడమే తప్ప మోసం కాదు.

కాబట్టి మొదటి మాట మనిషి గురించి కాక పని గురించి ఉండాలి, మొత్తం గురించి కాక పరిమాణాల గురించి ఉండాలి. ఫోన్ కంటే రాసి పంపడం మేలు. గొంతులోని చిరాకు రాతలో కొంత వడకట్టుకుపోతుంది, ఆయనకూ చూసి రాసుకునే వ్యవధి దొరుకుతుంది. ఇలా రాస్తే చాలు: ‘నమస్తే అండీ. మోటారు బాగా నడుస్తోంది, రెండు రోజుల్లో పూర్తి చేసినందుకు థ్యాంక్స్. బిల్లు అందింది. మనం ముందు అనుకున్నది 22,000 కాబట్టి, పైన చేసిన అదనపు పని ఏమిటో సంఘం లెక్కల్లో రాయాలి. కొత్త పైపులు ఎన్ని, కేబుల్ ఎన్ని మీటర్లు, ఇంపెల్లర్లు ఎన్ని, ఒక్కోదాని రేటు ఎంత, లేబర్ ఎంత అని ఒక కాగితం మీద రాసి శుక్రవారంలోగా పంపగలరా? మొదట అనుకున్న 22,000 ఈరోజే పంపిస్తున్నాం. మిగతాది ఆ కాగితం అందిన రెండు రోజుల్లో ఇస్తాం.’ ఇందులో ‘ఎందుకు ఎక్కువైంది’ అన్న మాట లేదు. ‘ఎందుకు’ అంటే సంజాయిషీ అడిగినట్టు, ‘ఎన్ని’ అంటే లెక్క అడిగినట్టు. అన్నిటికంటే ఎక్కువ పనిచేసే వాక్యం మాత్రం డబ్బు పంపిస్తున్నామన్నదే. వివరం పేరుతో చెల్లింపు ఎగ్గొడతారన్న భయం చిన్న వ్యాపారికి ఎప్పుడూ ఉంటుంది. గొడవ లేని భాగం అదే రోజు చేతికందితే ఆ భయం పోతుంది.

కాగితం వచ్చిందనుకుందాం. వైండింగ్ 9,000, బేరింగు, బుష్‌లు 3,000, లేపి దింపడానికి 10,000. ఇవి అనుకున్న 22,000. పైపులు మూడు, ఒక్కోటి 2,500 చొప్పున 7,500. కేబుల్ 50 మీటర్లు, మీటరు 140 చొప్పున 7,000. ఇంపెల్లర్లు ఆరు, 750 చొప్పున 4,500. మొత్తం 41,000, దానిపై పన్ను 7,380. ఇప్పుడు చూడండి, ‘రెట్టింపుకు పైగా’ అని అదిరిపడిన 26,380 రూపాయల తేడాలో 7,380 పన్నే. ఫోన్లో చెప్పింది పన్ను కలపని మాట అన్నమాట. మిగిలిన 19,000 వెతికితే దొరికే వస్తువులు. వాచ్‌మన్ గది పక్కన గోడకు ఆనించిన పాత పైపులు లెక్కపెట్టొచ్చు. తీసేసిన కేబుల్ చుట్ట టేపుతో కొలవొచ్చు. పాత ఇంపెల్లర్లు చేతిలోకి తీసుకుంటే అంచులు పలచబడ్డాయో లేదో వేలికే తెలుస్తుంది. గోడ దగ్గర పాత పైపులు రెండే ఉన్నాయనుకోండి, అప్పుడు అడగాల్సింది ఒక్కటే: ‘మూడో పాత పైపు మీ షాపుకు వెళ్లిందా అండీ?’ వెళ్లి ఉండొచ్చు, లేక బిల్లు రాసిన కుర్రాడు పొరబడి ఉండొచ్చు. పొరబాటే అయితే పైపు 2,500, దానిమీద పన్ను 450, కలిపి 2,950 తగ్గుతుంది. ఇచ్చేసిన ట్యాక్స్ ఇన్వాయిస్‌ను అలా తగ్గించాలంటే ఆయన క్రెడిట్ నోట్ ఇవ్వాలి. కాలిపోయిన వైండింగ్‌లోని పాత రాగి సంగతి కూడా ఇక్కడే అడగొచ్చు. దానికి తుక్కు ధర ఉంటుంది. చాలాచోట్ల అది షాపుకే పోతుంది. పోవడం తప్పు కాదు, వైండింగ్ ధర దాన్ని లెక్కలో పెట్టి చెప్పిందా లేదా అన్నదే తెలియాలి.

‘ఇదంతా ఎందుకు, చట్టం ఉందిగా’ అనేవారుంటారు. ఉంది. రిజిస్టరైన వ్యాపారి ఇచ్చే ఇన్వాయిస్‌లో సరుకు లేదా సేవ వివరణ, సరుకైతే పరిమాణం, పన్ను లెక్కించే విలువ, పన్ను రేటు, పన్ను మొత్తం ఉండాలని 2017 నాటి కేంద్ర జీఎస్టీ నిబంధనల్లో 46వది చెబుతుంది. కానీ రిపేరంతా ఒకే సేవ కింద రాశానని ఆయన వాదించే వీలుంది కనుక, ఆ నిబంధన మనం అనుకున్నంత పదునైన కత్తి కాదు. కత్తి మొదటి మెసేజ్‌లోనే తీస్తే మర్యాద అక్కడితో సరి. చట్టం పని వేరేచోట ఉంది. పన్ను వసూలు చేసిన బిల్లు మీద పదిహేను అక్షరాల జీఎస్టీ నంబరు ఉందా, అది తెలంగాణలో 36తో, ఆంధ్రప్రదేశ్‌లో 37తో మొదలైందా అని మనమే నిశ్శబ్దంగా చూసుకోవాలి. నంబరు లేకుండా పన్ను వేస్తే అది వివరం అడిగే విషయం కాదు, పన్ను కట్టనని చెప్పే విషయం.

ఇంకో అభ్యంతరం బలమైనది: మనసు కష్టపెట్టుకుని మళ్లీ మోటారు కాలినప్పుడు రానంటే? ఈ భయం నిజమే. అందుకే ఈ అడగడం ఒక్కరికే, ఒక్కసారే కాకూడదు. ఒక్క బిల్లుకే వివరం అడిగితే అది వేలెత్తి చూపడమే అవుతుంది. లిఫ్టు కంపెనీని, జనరేటర్ మెకానిక్‌ను, పెయింటరును, అందరినీ అడిగితే అది ఆ ఇంటి ఆచారం. మూడో అభ్యంతరం, ఆయనకు రాయడం రాదని. అలాంటప్పుడు ఆయన చెబుతుంటే కోశాధికారి రాసుకుని, చదివి వినిపించి, సంతకం తీసుకుంటే పది నిమిషాల పని. అయితే ఒక హద్దు మనమూ పాటించాలి. ముందే ‘మొత్తం ఇంతకు’ అని గంపగుత్తగా ఒప్పుకుని, అంతే బిల్లు వస్తే వివరం అడిగే హక్కు మనకు లేదు. ఆయన పైపు ఎంతకు కొన్నాడన్నదీ మనకు అనవసరం. పైపు మనకు ఎంతకు ఇచ్చాడన్నదే మన లెక్క.

రాబోయే సర్వసభ్య సమావేశంలో ఈ తీర్మానం పెట్టమని కోరుతున్నాం: ‘పది వేలు దాటే ప్రతి రిపేరుకు బిల్లుతో పాటు సామాను, పరిమాణం, రేటు, లేబర్ విడివిడిగా ఉండాలి. అంచనా పన్నుతో కలిపి చెప్పాలి. అంచనా దాటేటట్టుంటే పని ఆపి కార్యదర్శికి ఫోన్ చేయాలి. మార్చిన పాత సామాను, షాపు ధరలో కలిపి లెక్కగట్టినది తప్ప, సంఘానికి అప్పగించాలి. ఈ మాటలు పని ఒప్పుకునేటప్పుడే చెప్పాలి.’ ఆమోదించాక దాని నకలు ఒకటి మోటారు స్టార్టర్ బోర్డు తలుపు లోపలివైపు అంటించండి. కిందనే బోరు లోతు, మోటారు ఎన్ని అడుగుల్లో ఉంది, పైపులు ఎన్ని, కేబుల్ ఎన్ని మీటర్లు, ఏ తేదీన ఏది మార్చారు అని రాసిపెట్టండి. మోటారు లేపడానికి వచ్చే మనిషి ముందుగా తెరిచేది ఆ తలుపే.