పాకిన మనిషి పేరు తెలుసు, ఆపిన మనిషి పేరు తెలియదు

పోయిన నెల మా సెమినార్‌లో ఒక ఫోటో చూపించాను. సూటు వేసుకున్న ఒక నల్లజాతి మనిషి, తారు రోడ్డు మీద బోర్లా పడుకుని, చేతిలో చిన్న పూలకుండీ పట్టుకుని ముందుకు పాకుతున్నాడు. వెనక వరస నుంచి ఒక జూనియర్ "పొర్లు దండాలా అక్కా?" అని అడిగింది. అందరూ నవ్వారు. నాకు మాత్రం అది చాలా న్యాయమైన ప్రశ్న అనిపించింది. ఆ ఫోటోని మాత్రమే చూసినవాళ్లకి ఆ మనిషి మొక్కు తీర్చుకుంటున్నాడో, కింద పడ్డాడో, ఎవరైనా పడేశారో తెలిసే దారి లేదు. ఎవరైనా చెప్పాల్సిందే.

ఆ ఫోటోలోని కళాకారుడి పేరు పోప్.ఎల్. 1978లో న్యూయార్క్‌లోని టైమ్స్ స్క్వేర్ దగ్గర సూటుతో మొదటిసారి పాకాడు. నేను చూపించింది 1991 వేసవిలో అదే నగరంలోని టాంప్‌కిన్స్ స్క్వేర్ పార్కు చుట్టూ పాకినప్పటిది. ఆ పార్కులో ఇల్లూవాకిలీ లేనివాళ్లు గుడారాలు వేసుకుని ఉండేవారు. 1988 ఆగస్టులో అక్కడ పోలీసులు జనాన్ని చితకబాదారు. 1991లో అందరినీ ఖాళీ చేయించి పార్కు మూసేశారు. నిలువుగా నిలబడి నడవగలగడం కూడా ఒక హోదాయేననీ, ఆ హోదాని కావాలని వదులుకుంటే ఏమవుతుందో చూడాలనీ పోప్.ఎల్ ఆలోచన. గ్యాలరీ లేదు, టికెట్ లేదు. వీడియో తీయడానికి ఒక తెల్ల కెమెరామన్‌ని మాత్రం పెట్టుకున్నాడు.

ఆ వీధిలోనే ఉండే ఒక నల్లజాతి మనిషి ఇది చూసి దగ్గరికొచ్చాడు. బాగానే ఉన్నావా అని పాకుతున్న మనిషిని అడిగాడు. వచ్చిన జవాబు ఆయనకి సరిపోలేదు. తిరిగి కెమెరా వైపు వెళ్లాడు. ఒక నల్లవాడు నేలమీద పాకుతుంటే తెల్లవాడు నిలబడి సినిమా తీయడమేంటని కోపంతో ఊగిపోయాడు. ఉద్యోగానికి వెళ్లేటప్పుడు తానూ అలాంటి సూటే వేసుకుంటానన్నాడు.

మరి ఆ రోజు ఏం జరిగిందో చరిత్రకారులు ఎలా రాస్తారు? చేతిలో మూడు రకాల ఆధారాలున్నాయి: ఫోటోలు, వీడియో, తర్వాతి రోజుల్లో మనుషులు చెప్పిన మాటలు. ఫోటో ఒక్క క్షణాన్ని పట్టుకుంటుంది. ఎంతసేపు పాకాడు, ఎంత ఎండ ఉంది, ఎవరేమన్నారు అన్నవి అందులో ఉండవు. ఈ ఉదంతంలో దానికి ఇంకా పెద్ద పరిమితి ఉంది. ఫోటో తీసేవాడు తన ఫోటోలో తాను కనబడడు. ఆ నల్లజాతి మనిషి కోపమంతా కెమెరా పట్టుకున్నవాడి మీదే. అంటే ఆ రోజు జరిగిన అసలు ఘట్టం సగం లెన్సుకి వెనక జరిగింది. లెన్సు ముందున్నదాన్నే చూసి రాస్తే, ఎదురులేని ఒంటరి సాహసం అన్నట్టు తేలుతుంది. వీడియో కొంత మేలు, దానికి గొంతులు దొరుకుతాయి.

ఇక కళాకారుడి మాట. 1996లో బాంబ్ పత్రికలో మార్తా విల్సన్‌తో మాట్లాడుతూ పోప్.ఎల్ ఈ ఘటన గురించి చెప్పాడు. అప్పటికి అయిదేళ్లు గడిచాయి. అయిదేళ్లలో ఏ జ్ఞాపకమైనా పదిసార్లు చెప్పీ చెప్పీ నున్నబడుతుంది, చివర్లో ఒక మంచి మాట దగ్గర ఆగడం నేర్చుకుంటుంది. ఆ సూటు మాట అంత చక్కగా అతుకుతుంది కాబట్టే దాన్ని అనుమానించాలి, అక్కడికక్కడ తీసిన టేపుతో పక్కపక్కన పెట్టి చూడాలి. సాక్ష్యం చెప్పినవాళ్లు ఎంత దూరంలో ఉన్నారు, ఎన్నాళ్లకి చెప్పారు, అలా చెప్పడం వల్ల వాళ్లకేమైనా లాభముందా అన్న మూడూ రాసిపెట్టుకోవాలి. కళాకారుడు తన పని గురించి చెప్పేటప్పుడు మూడోది ఎప్పుడూ ఉంటుంది.

"సాక్షుల మాటలు వట్టి కబుర్లు, ఫోటో అయితే గట్టి ఆధారం" అని నాతో ఒక పెద్దాయన అన్నారు. అలా అనేవాళ్లకి నేను ఈవ్ క్లైన్‌ని గుర్తుచేస్తాను. 1960 అక్టోబరులో పారిస్ శివారులో ఆయన గోడ మీంచి గాల్లోకి దూకుతున్న ఫోటో ప్రపంచమంతా చూసింది. కింద స్నేహితులు టార్పాలిన్ పట్టుకుని నిలబడ్డారు. ఫోటోగ్రాఫర్లు షంక్, కెండర్ ఆ భాగాన్ని తీసేసి, ఖాళీ వీధి ఫోటోని అతికించారు. మిగిలిన నెగటివ్‌లూ, అక్కడున్న మనుషుల మాటలూ లేకపోతే ఆ టార్పాలిన్ సంగతి ఎవరికీ తెలిసేది కాదు. అక్కడ ఫోటో అబద్ధాన్ని బయటపెట్టింది సాక్షులే.

మా రంగంలో పాత తగువు ఒకటుంది. ప్రదర్శన జరిగిన క్షణంలోనే బతుకుతుంది, రికార్డు చేస్తే అది వేరే వస్తువైపోతుందని పెగ్గీ ఫెలన్ 1993లో వాదించింది. అక్కడ లేకపోయినా రాయొచ్చు, కళ్లారా చూసినవాళ్లకి సత్యం మీద ప్రత్యేక హక్కేమీ లేదని అమీలియా జోన్స్ 1997లో జవాబిచ్చింది. నేను జోన్స్ వైపే. 1991లో నేనింకా పుట్టనే లేదు కాబట్టి వేరే దారి కూడా లేదనుకోండి. కానీ ఇద్దరి వాదనలోనూ నాకు కావలసిన ప్రశ్న వెనక్కి పోతుంది. అక్కడున్నవాళ్లలో ఎవరి మాట కాగితం మీదికొచ్చింది, ఎవరిది రాలేదు?

నేను చదివిన రాతల్లో కళాకారుడికి పేరుంది. ఫోటోలకి హక్కుదారుల పేర్లున్నాయి. ఆపడానికొచ్చినాయన మాత్రం "ఒక స్థానికుడు", "ఒక బాటసారి". ఆయన్ని కళ అర్థం కాని అమాయకుడిలా చూపించే ధోరణి కూడా ఉంది. నేను ఒప్పుకోను. అక్కడున్న అందరిలో కెమెరాని సరిగ్గా చదివింది ఆయనే. ఎవరు నేలమీద ఉన్నారు, ఎవరు నిలబడి చూస్తున్నారు, ఆ బొమ్మ రేపు ఎవరి చేతుల్లోకి పోతుంది అని అడిగాడు. పోప్.ఎల్ వదులుకోగలిగిన హోదాని తాను వదులుకోలేనని కూడా చెప్పాడు. సూటు అంటే ఏమిటో మన పేటల్లో ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు. కూడలి కూడలిలో అంబేద్కర్ నీలం సూటుతో నిలబడే ఉంటాడు. మా నాన్న అటెండరు ఉద్యోగానికి చొక్కా ఇస్త్రీ చేసుకోకుండా ఒక్కరోజూ వెళ్లలేదు. ఆ చొక్కా వేసుకుని ఎవరైనా రోడ్డు మీద పాకుతూ, ఇంకెవరో ఫోటో తీస్తుంటే, ఆయన కూడా ఆపడానికే వెళ్లేవాడు.

నా థీసిస్ డ్రాఫ్టు చదివిన ఒకాయన ఈ మనిషి గురించిన మూడు పేజీలు తీసి ఫుట్‌నోట్‌లో వేయమన్నారు. ప్రదర్శన కళాకారుడిది, ఆ గొడవ ప్రదర్శనకి కలిగిన అంతరాయం అని ఆయన అభిప్రాయం. గొడవ కెమెరాలో పడింది, కళాకారుడే దాన్ని అయిదేళ్ల తర్వాత చెప్పుకున్నాడు, ఇప్పుడు ఆ పని గురించి మాట్లాడేవాళ్లు ముందుగా చెప్పేదీ అదే. అది అంతరాయమెలా అవుతుందని రాసి పంపాను. జవాబు ఇంకా రాలేదు. ఆ మూడు పేజీలూ అధ్యాయంలోనే ఉన్నాయి.

స్లైడు మాత్రం మార్చాను. ఇదివరకు ఫోటో కింద కళాకారుడి పేరు, ఊరు, సంవత్సరం ఉండేవి. ఇప్పుడు ఇంకో రెండు వరసలు కలిపాను: "ఈ ఫోటోలో కనబడనివారు: కెమెరా పట్టుకున్న వ్యక్తి, ఆయన్ని నిలదీసిన వ్యక్తి. రెండో వ్యక్తి పేరు ఎవరూ అడిగి రాసుకోలేదు."