గర్భసంచిలో కంతి: ఎంత కాదు, ఎక్కడ?

స్కానింగులో ఫైబ్రాయిడ్ కనబడగానే అందరూ ఎన్ని సెంటీమీటర్లని అడుగుతారు. ఎక్కడుందని అడగడమే ముఖ్యమని నా అభిప్రాయం.

నేను చూసిన 29 ఏళ్ల యువతికి రెండు కంతులుండేవి. గర్భసంచి వెలుపలి గోడపై 6 సెంటీమీటర్లది, లోపలి పొర కింద 2 సెంటీమీటర్లది. ఇంటిల్లిపాదికీ పెద్దదంటేనే భయం. కాని నెలసరిలో అధిక రక్తస్రావానికీ, రెండుసార్లు గర్భం నిలవకపోవడానికీ నేను అనుమానించింది చిన్నదాన్నే. పిండం అంటుకోవలసిన చోటికి అడ్డుపడేది అదే.

మాత్రలతో రక్తస్రావం తగ్గుతుంది గాని కంతి పోదు. ఇంజక్షన్లతో కుదించినా, ఆపగానే మళ్లీ పెరుగుతుంది. పైగా వాడినంతకాలం అండం విడుదల కాదు. బిడ్డ కావాలనుకునే ఆమెకు అవెందుకు? పొట్ట కోయకుండా, హిస్టరోస్కోపీతో చిన్నదాన్ని తీయించాము. పెద్దదాన్ని ముట్టుకోలేదు.

తరువాత గర్భం నిలిచింది. అయిదవ నెలలో ఆ పెద్దది నొప్పి పెట్టింది. విశ్రాంతితో, పారాసిటమాల్‌తో తగ్గింది.