ముజిరిస్ ఎక్కడుందని కాదు, సరుకు ఎటు పోయిందని అడగండి

హిస్టరీ ఆప్షనల్ తీసుకున్నవాళ్లకు పేపర్-1 మొదటి ప్రశ్న తెలిసిందే. మ్యాప్ మీద 20 స్థలాలు, 50 మార్కులు. అందుకే మనమంతా అట్లాస్ ముందేసుకుని చుక్కలు బట్టీ పడతాం. నేనూ అంతే.

మా స్టడీ గ్రూపులో వారానికొకరు ప్రశ్నపత్రం తయారుచేస్తాం. నా వంతు వచ్చినప్పుడు రోమన్ వాణిజ్యం తీసుకుని, ముజిరిస్, కొడుమనల్, అరికమేడు గుర్తించమన్నాను. అందరూ సరిగ్గా పెట్టారు. పేపర్లు తిరిగిస్తూ ఊరికే అడిగాను: 'ముజిరిస్‌లో దిగిన సరుకు తూర్పు తీరానికి ఏ దారిన పోయుంటుంది?' ఎవరూ మాట్లాడలేదు. అడిగిన నాకూ వెంటనే తట్టలేదు. సర్క్యూట్ డయాగ్రమ్‌లో ప్రతి భాగం పేరూ చెప్పి, కరెంటు ఎటు పారుతుందో చెప్పలేని ఫస్టియర్ కుర్రాడిలా అయింది నా పని.

నా అభిప్రాయం ఇది: దారి గురించి అడిగే ప్రశ్నలో ఊళ్ల పేర్లు మనమే మ్యాప్ మీద రాసి ఇచ్చేయాలి. పేరు గుర్తురాక ఆగిపోయినవాడు ఆలోచన దాకా రానేరాడు.

అదే మ్యాప్‌ని మళ్లీ గీశాను. పశ్చిమ తీరంలో ముజిరిస్ (నేటి కొడుంగల్లూరు ప్రాంతం), నొయ్యల్ నది ఒడ్డున కొడుమనల్, పుదుచ్చేరి పక్కన అరికమేడు, మూడింటికీ పేర్లు రాశాను. పశ్చిమ కనుమల ఎత్తును మూడు రంగుల్లో చూపించాను. రంగులు వేస్తేనే నీలగిరికీ ఆనైమలైకీ మధ్య పాలక్కాడ్ కనుమ తెరిచిన తలుపులా కనబడుతుంది. రామేశ్వరానికీ మన్నార్‌కూ మధ్య నీళ్లు లోతు తక్కువని గీతలు పెట్టాను. రోమన్ నాణేలు దొరికిన చోట్లకు చిన్న చుక్కలు పెట్టాను. అవి వెల్లలూరు సహా కోయంబత్తూరు చుట్టూ గుంపుగా ఉంటాయి.

మొదట రాసిన ప్రశ్న: 'కోయంబత్తూరు దగ్గర నాణేలు ఎక్కువగా ఎందుకు దొరికాయి?' ఇది చెడిపోయింది. ఒకరు 'రోమన్లు అక్కడ ఉండేవారు కాబట్టి' అని రాశారు. మ్యాప్ వైపు చూడకుండానే రాయగలిగిన జవాబు అది. తప్పు ప్రశ్నదే.

రెండోసారి ఇలా మార్చాను: 'ముజిరిస్ నుంచి అరికమేడుకు సరుకు చేరవేయడానికి కన్యాకుమారి చుట్టూ సముద్ర మార్గం ఒకటి, కనుమ గుండా భూమార్గం ఒకటి ఉన్నాయి. వ్యాపారి దేన్ని ఎంచుకుని ఉంటాడు? మ్యాప్‌లోంచే రెండు ఆధారాలు చూపండి.' ఇప్పుడు తప్పించుకోలేరు. లోతు తక్కువ నీళ్లలో పెద్ద ఓడ పోలేదు, లంక చుట్టూ తిరగాలి. కనుమ మాత్రం కొండెక్కే పని లేకుండా లోపలికి తీసుకెళ్తుంది. నాణేల గుంపు సరిగ్గా దాని తూర్పు మొగ దగ్గరే ఉంది.

అయితే ఇక్కడితో ఆపితే మనమే పిల్లల్ని ఒక జవాబు వైపు తోసినట్టు. నాణెం ఎక్కడ పాతిపెట్టారో చెబుతుంది, ఏ దారిన వచ్చిందో చెప్పదు. పైగా కొడుమనల్ పూసలు తయారయ్యే ఊరు, దానికి దగ్గర్లోని పడియూరులో బెరిల్ రాయి దొరికేది. ఆ రాళ్లు కొనడానికి చెల్లించిన డబ్బే అక్కడ ఆగిపోయి ఉండొచ్చు కదా? అందుకే మూడో భాగం చేర్చాను: 'ఈ చుక్కలు దారిని చూపుతున్నాయా, కొనుగోలును చూపుతున్నాయా? తేల్చడానికి మ్యాప్ మీద ఇంకేం కావాలి?' కొడుమనల్ దాటి తూర్పు తీరం దాకా వరసగా నాణేలో, మధ్యధరా కుండ పెంకులో దొరికితే దారి వాదన బలపడుతుంది. రాళ్ల ప్రాంతంలోనే ఆగిపోతే కొనుగోలు వాదన. మార్కుల్లో సగం ఈ భాగానికే ఇచ్చాను. దారినే ఎంచుకోవాలని లేదు, ఏ ఆధారం తన మాటను తప్పని తేలుస్తుందో చెప్పగలిగితే చాలు.

మీరు రాసిన ప్రశ్న బాగుందో లేదో చూడాలంటే మ్యాప్‌లో ఒక్క సంగతి మార్చండి. కనుమను పూడ్చేసి కొండ రంగు వేయండి. జవాబు మారకపోతే ఆ మ్యాప్ అలంకారమే. గాలులతోనూ ఇదే చేయొచ్చు: ఈజిప్టు నుంచి జులై ప్రాంతంలో బయల్దేరి నైరుతి గాలితో వచ్చిన ఓడ అక్టోబరులో ఎందుకు తిరిగి పోలేదు? బాణాలు తిప్పితేనే గాలి మారేదాకా ఆగాలని, ఆ నెలల్లో సరుకు దాచడానికి గోదాములు కావాలని తడుతుంది.

'పరీక్షలో అడిగేది చుక్కలేగా, ఇదంతా టైమ్ వేస్ట్' అని మా గ్రూపులో ఒకరన్నారు. సగం నిజమే; ఇలాంటి ప్రశ్న దిద్దడానికి ఒక్కో పేపరుకు పది నిమిషాలు పట్టింది. అందుకని వారానికి ఒక్కటే పెడుతున్నాం. వచ్చే వారానికి మసులా తీరం, కృష్ణా లోయ, ఘంటసాల తీసుకున్నాను. కొండల రంగులు వేయడం అయిపోయింది, ప్రశ్న ఇంకా కుదరలేదు.