పరిశోధనా వ్యాసంతో పంపే కవరింగ్ ఈ-మెయిలు: ఏమి చెప్పాలి, ఎంతవరకు చెప్పాలి

వ్యవసాయ పరిశోధనలో రెండు సీజన్ల క్షేత్రప్రయోగం పూర్తిచేసి, గణాంక విశ్లేషణ జరిపి, వ్యాసం సిద్ధం చేసిన విద్యార్థి చివరగా రాసేది సంపాదకునికి పంపే కవరింగ్ ఈ-మెయిలు. చాలా సందర్భాలలో అది ఒక సీనియరు పంపిన పాత మెయిలుకు నకలుగా ఉంటుంది. అందులో పత్రిక పేరు మారుతుంది, వ్యాస శీర్షిక మారుతుంది. ‘తమ సుప్రసిద్ధ పత్రికలో ప్రచురణార్థం పరిశీలించగలరని ప్రార్థన’ అన్న వాక్యం మాత్రం మారదు. ఒక్కొక్కప్పుడు పాత పత్రిక పేరు కూడా మారకుండానే పోతుంది. వ్యాసం ఏమి కనుగొన్నదో, ఆ పత్రిక పాఠకులకు అది ఎందుకు కావాలో అటువంటి మెయిలులో ఎక్కడా కనిపించదు.

సంపాదకుని ముందున్న మొదటి ప్రశ్న వ్యాసం మంచిదా కాదా అన్నది కాదు. దానిని సమీక్షకులకు పంపాలా, లేక ఇక్కడే తిప్పి పంపాలా అన్నది. ఈ నిర్ణయం కోసం ఆయన వ్యాసమంతా చదవడు. శీర్షిక, సంక్షిప్త సారాంశం, పట్టికలు, కవరింగ్ మెయిలు చూస్తాడు. పోర్టల్ ద్వారా వ్యాసాలను స్వీకరించే పత్రికలలో సంపాదకునికి వ్యాఖ్యలు రాయడానికి ఒక గడి ఉంటుంది. ఈ-మెయిలుకు బదులు అక్కడ రాసినా పని అదే. కనుక ఈ మెయిలు రెండు విషయాలను స్పష్టంగా చెప్పాలి: ఈ వ్యాసం వల్ల కొత్తగా తెలిసినది ఏమిటి, అది ఈ పత్రికకే ఎందుకు తగినది. వీటితోపాటు కొన్ని ప్రకటనలు తప్పనిసరి. అంతకుమించి రాసేది ఏదీ సంపాదకునికి ఉపయోగపడదు.

దీనిని ఒక ఊహాత్మక ఉదాహరణతో పరిశీలించవచ్చు. తిరుపతి జిల్లా రేణిగుంట మండలంలోని ఇసుకతో కూడిన ఎర్ర నేలలో రబీ వేరుశనగపై జిప్సం ప్రయోగం జరిగిందనుకుందాం. వేరుశనగ కాయ తనకు కావలసిన కాల్షియాన్ని ప్రధానంగా చుట్టూ ఉన్న మట్టి నుండి నేరుగా గ్రహిస్తుంది. వేర్లు తీసుకున్న కాల్షియం నీటితోపాటు ఆకులకు చేరుతుందే తప్ప నేలలోని కాయకు తగినంతగా అందదు. అందువల్లనే ఎకరాకు 200 కిలోల జిప్సాన్ని పూత నుండి ఊడలు దిగే దశలో మొక్కల మొదళ్ళ వద్ద వేయాలన్న సిఫారసు వాడుకలో ఉన్నది. కొందరు రైతులు కూలీల కొరత వల్ల దానిని విత్తే సమయంలోనే వేస్తారు. మన ఊహాత్మక విద్యార్థి మూడు పద్ధతులను పోల్చినాడు: మొత్తం విత్తేటప్పుడు, సగం విత్తేటప్పుడు సగం ఊడలు దిగేటప్పుడు, మొత్తం ఊడలు దిగేటప్పుడు. మొదటి సంవత్సరం విత్తిన తరువాత ఈశాన్య రుతుపవనాల వర్షాలు కురిశాయి. ఆ సంవత్సరం విత్తేటప్పుడు వేసిన మళ్ళలో తాలు కాయలు ఎక్కువగా కనిపించాయి. రెండవ సంవత్సరం ఆ కాలమంతా పొడిగా గడిచింది. మూడు పద్ధతుల మధ్య గణాంకపరంగా చెప్పదగిన తేడా రాలేదు.

ఈ ఫలితంతో సాధారణంగా వెలువడే కవరింగ్ వాక్యం ఇలా ఉంటుంది: ‘ఇసుక నేలలలో విత్తేటప్పుడు వేసిన జిప్సంలోని కాల్షియం వర్షాలకు కిందికి కొట్టుకుపోతుందని, ఊడల దశలో వేయడమే అత్యుత్తమమని ఈ పరిశోధన నిరూపించినది.’ ఈ వాక్యంలో రెండు లోపాలున్నాయి. కాల్షియం కిందికి పోయినదని చెప్పాలంటే కాయలు ఏర్పడే పై పొరలోనూ, దాని కింది పొరలోనూ వినిమయ కాల్షియాన్ని వేర్వేరు దశలలో కొలిచి ఉండాలి. విద్యార్థి కొలిచినది దిగుబడి, తాలు కాయల శాతం, గింజ శాతం మాత్రమే. కనుక కాల్షియం పోవడం అనేది సంభావ్యమైన వివరణే కాని ఫలితం కాదు. ఇక రెండవ లోపం, ఒక సంవత్సరం కనిపించి మరొక సంవత్సరం కనిపించని తేడాను ఏ షరతూ లేకుండా ‘అత్యుత్తమం’ అనడం.

సంపాదకుడు మెయిలులోని ఈ వాక్యం చదివి పట్టికలు చూస్తే నేలలో కాల్షియం అంకెలు లేవని వెంటనే తెలుస్తుంది. అప్పుడు ఆయన వ్యాసంలోని మిగిలిన వాక్యాలను కూడా అనుమానంతోనే చదువుతాడు. నిజానికి షరతుతో కూడిన ఫలితమే ఇక్కడ ఎక్కువ విలువైనది. విత్తిన తరువాత వర్షం పడిన సంవత్సరంలో ఆ పద్ధతి నష్టం చేసినదనీ, పడని సంవత్సరంలో చేయలేదనీ తెలిస్తే, విస్తరణాధికారి రైతుకు చెప్పగలిగిన మాట ఒకటి దొరుకుతుంది. దానిని దాచి సాధారణ సత్యంగా ప్రకటించడం వల్ల వ్యాసం పెద్దది కాదు, బలహీనపడుతుంది.

పత్రికకు తగినదా అన్న ప్రశ్న కూడా ఇక్కడి నుండే తేలుతుంది. ప్రస్తుతం చాలామంది పత్రికను జాతీయ వ్యవసాయ శాస్త్రాల అకాడమీ ఇచ్చే స్కోరును బట్టి ఎంచుకుంటున్నారు. నియామకాలలో, పదోన్నతులలో ఆ స్కోరుకు విలువ ఉన్నది కనుక ఇది అర్థం చేసుకోదగినదే. అయితే స్కోరు చూసి ఈ వ్యాసాన్ని మృత్తికాశాస్త్ర పత్రికకు పంపితే అక్కడి పాఠకుడు మొదట అడిగేది నేలలో కాల్షియం కదలిక గురించే. ఆ సమాచారం వ్యాసంలో లేదు. దిగుబడి, యాజమాన్య పద్ధతి ప్రధానంగా గల సస్యశాస్త్ర పత్రికకో, నూనెగింజల పత్రికకో పంపితే ఉన్న సమాచారమే సరిపోతుంది. అంటే చేతిలో ఉన్న పట్టికలు ఏ పాఠకుని ప్రశ్నకు సమాధానం చెబుతాయో అదే తగిన పత్రిక. ‘ఈ పత్రికకు ఎందుకు?’ అన్న ఒక్క వాక్యం నిజాయితీగా రాయలేకపోతున్నామంటే, లోపం వాక్యంలో కాక పత్రిక ఎంపికలో ఉండవచ్చు.

స్థలం పేరు కూడా ఆలోచించవలసినదే. రేణిగుంట ఎక్కడ ఉన్నదో తెలియని సంపాదకునికి ఆ పేరు ఏమీ చెప్పదు. 2022 ఏప్రిల్‌కు ముందు జరిగిన ప్రయోగాలలో అది చిత్తూరు జిల్లా, ఆ తరువాత తిరుపతి జిల్లా. మెయిలులో జిల్లా పేరు కంటే ‘ఇసుకతో కూడిన ఎర్ర నేల, ఈశాన్య రుతుపవనాల వర్షం అందే రబీ సాగు’ అన్న వర్ణనే ముఖ్యం. అటువంటి నేల, అటువంటి వర్షం గల ఇతర ప్రాంతాలకు ఈ ఫలితం ఎంతవరకు వర్తిస్తుందో సంపాదకుడు దానిని బట్టి అంచనా వేయగలడు.

ఈ విషయాలన్నీ కలిపిన మెయిలు ఇలా ఉండవచ్చు. ఇది నమూనా మాత్రమే కనుక అంకెల స్థానాన్ని చుక్కలతో ఖాళీగా ఉంచడమైనది.

‘సంపాదకులు గారికి నమస్కారములు. రబీ వేరుశనగలో జిప్సం వేసే సమయంపై మా వ్యాసాన్ని జతపరుస్తున్నాము. ఇసుకతో కూడిన ఎర్ర నేలలో రెండు రబీ సీజన్లు జరిపిన ఈ ప్రయోగంలో, విత్తిన తరువాత వర్షాలు కురిసిన మొదటి సంవత్సరం, మొత్తం జిప్సం విత్తేటప్పుడు వేసిన మళ్ళలో తాలు కాయలు … శాతం, ఊడల దశలో వేసిన మళ్ళలో … శాతం నమోదైనవి. పొడిగా గడిచిన రెండవ సంవత్సరం తేడా గణనీయం కాలేదు. నేలలో కాల్షియం కొలవలేదు. కనుక కారణాన్ని చర్చలో సంభావ్యతగా మాత్రమే పేర్కొన్నాము. తమ పత్రిక నూనెగింజల యాజమాన్య పద్ధతులపై వ్యాసాలు ప్రచురిస్తున్నందున ఇది ఆ పాఠకులకు ఉపయోగపడగలదని భావిస్తున్నాము. ఈ ఫలితాలు మొదటి రచయిత ఎం.ఎస్సీ. సిద్ధాంత గ్రంథంలోనివి. అది కృషికోశ్‌లో ఉన్నది. మరే పత్రికలోనూ ప్రచురితం కాలేదు, పరిశీలనలో లేదు. రచయితలందరూ తుది ప్రతిని చదివి ఆమోదించారు.’

ఇందులో సిద్ధాంత గ్రంథం గురించిన వాక్యాన్ని చాలామంది వదిలివేస్తారు. వ్యవసాయ విశ్వవిద్యాలయాల సిద్ధాంత గ్రంథాలు కృషికోశ్ భాండాగారంలో ఉంటాయి కనుక, పత్రిక జరిపే సారూప్య పరీక్షలో వ్యాసంలోని పద్ధతుల భాగం, పట్టికలు దానితో సరిపోలవచ్చు. ముందుగా చెప్పినట్లయితే సంపాదకుడు ఆ సరిపోలికను అర్థం చేసుకుంటాడు. చెప్పకపోతే అది నకలుగా కనిపిస్తుంది, వివరణ కోరే ఉత్తరాలతో వారాలు గడుస్తాయి. సదస్సులో సారాంశం సమర్పించి ఉన్నా అదే విధంగా తెలపాలి. రచయితల పేర్లు తెలియకుండా సమీక్ష జరిపే పత్రికలకు ఈ వివరాలు మెయిలులోనే ఉండాలి, వ్యాసప్రతిలో ఉండకూడదు. సమీక్షకుల పేర్లు సూచించమని పత్రిక అడిగితే సొంత కేంద్రంలోని సహోద్యోగులను, గత వ్యాసాల సహరచయితలను సూచించరాదు.

మెయిలు ఇంత చిన్నదైతే సరిపోదని, వ్యాస ప్రాధాన్యాన్ని విపులంగా చెప్పాలని కొందరి అభిప్రాయం. కాని ప్రాధాన్యం చెప్పవలసిన చోటు వ్యాసపు ఉపోద్ఘాతం. రాష్ట్రంలో వేరుశనగ విస్తీర్ణం, నూనెగింజల దిగుమతి, రైతుల ఆదాయం వంటివి సంపాదకునికి తెలిసినవే. వాటితో మెయిలు నింపితే అసలు ఫలితం రెండవ పేజీకి జారుతుంది. అలాగని మెయిలు ఎంత బాగున్నా బలహీనమైన ప్రయోగాన్ని అది రక్షించదు. ఒకే సీజను ఫలితాలు గల క్షేత్రప్రయోగాన్ని చాలా సస్యశాస్త్ర పత్రికలు స్వీకరించవు. ఆ లోటును ఏ మెయిలూ పూడ్చలేదు.

కనుక మార్చవలసినది మెయిలులోని భాష కంటే అది రాసే సమయం. వ్యాసం పూర్తయిన రాత్రి కాక, పట్టికలు సిద్ధమైన వెంటనే, చర్చ భాగం రాయకముందే ఈ మెయిలు ముసాయిదాను విద్యార్థి మార్గదర్శకునికి చూపించాలి. ‘కొలిచినది ఏమిటి, ఊహించినది ఏమిటి, ఏ షరతుపై ఇది నిజం, ఎవరికి ఇది కావాలి’ అన్న నాలుగు ప్రశ్నలకు అందులో సమాధానాలు దొరకకపోతే చర్చ భాగం కూడా దారి తప్పుతుంది. మన ఉదాహరణలో ఆ ముసాయిదా అప్పుడే రాసి ఉంటే, రెండవ సీజనులోనైనా ఊడల దశలో మట్టి నమూనాలు తీసి కాల్షియం కొలిచే అవకాశం ఉండేది. అందుచేత మొదటి సీజను పట్టికలు చేతికి వచ్చినప్పుడే, రెండవసారి విత్తకముందే, ఈ ముసాయిదాను ఒకసారి రాయించడం మార్గదర్శకుల బాధ్యతగా ఉండాలి.