ఒకే ఒళ్ళు, నాలుగు కొవ్వు లెక్కలు

ఒంట్లో కొవ్వు శాతం ఎంత అని అడిగితే, తిరిగి ఒక ప్రశ్న వేయాలి: దేంతో కొలిచారు? తాండూరులో ఉండే మా ఫ్రెండ్‌నే తీసుకోండి. వయసు 28, ఎత్తు 170 సెంటీమీటర్లు, బరువు 72 కిలోలు. వికారాబాద్ జిమ్‌లో చర్మం మడతపట్టి కొలిచే క్యాలిపర్ 18.9 శాతం అంది. టేపు లెక్క 20.8. ఇంట్లో స్మార్ట్ వెయింగ్ మెషిన్ 22.3. అదే వారం హైదరాబాద్ వెళ్ళి తీయించుకున్న డెక్సా స్కాన్ 24.6.

ఇందులో ఎవరూ అబద్ధం చెప్పలేదు. మొదటి మూడింటిలో అసలు అంకెకు మూడు నాలుగు పాయింట్లు అటూఇటూ ఉండటం మామూలే. స్కాన్‌లో తేడా తక్కువ, కానీ అక్కడ కూడా మెషిన్ కంపెనీ మారితే అంకె మారుతుంది.

టేపు సంగతి చూద్దాం. జిమ్ యాప్‌లలో ఎక్కువగా ఉండేది అమెరికా నేవీ ఫార్ములా. మనవాడి నడుము 88, మెడ 37 పెడితే 20.8 వచ్చింది. టేపు కాస్త వదులై నడుము 90 అనుకోండి, 22.2 అవుతుంది. రెండు సెంటీమీటర్లకే 1.4 పాయింట్లు! ఊపిరి బిగబట్టినా అంతే తేడా రావచ్చు.

క్యాలిపర్‌కి వాడిన డర్నిన్, వోమర్‌స్లీ లెక్క 1974 నాటిది, గ్లాస్గో జనాన్ని కొలిచి కట్టింది. నాలుగు చోట్ల మడతలు కలిపి 50 మిల్లీమీటర్లయితే 18.9. 55 అయితే 20. పట్టే చెయ్యి మారితే ఆ ఐదు మిల్లీమీటర్లు ఈజీగా వచ్చేస్తాయి. పైగా ఒకే బీఎంఐ దగ్గర యూరప్ వాళ్ళకన్నా మనవాళ్ళకి సగటున కొవ్వు ఎక్కువ. అక్కడి లెక్క మనకి అచ్చంగా అతకదు.

స్మార్ట్ మెషిన్ నిజానికి కొవ్వుని కొలవదు. పాదాల గుండా చిన్న కరెంటు పంపి, అడ్డు ఎంతో చూసి, ఒంట్లో నీళ్ళు అంచనా వేసి, మిగతాది లెక్కగడుతుంది. అర లీటరు నీళ్ళు తాగి వెంటనే ఎక్కితే, ఆ బరువు చాలావరకు కొవ్వు ఖాతాలో పడుతుంది: సుమారు అర పాయింట్. అనంతగిరి గుట్టలెక్కి చెమటతో వచ్చి నిలబడితే ఇంకో అంకె. తాండూరు బండల మధ్య సందు మీద పెట్టి మెషిన్ ఊగితే బరువే తప్పు.

నెల తర్వాత మనవాడి మెషిన్ 23.1 చూపించింది. రాత్రి భోజనం మానేసి పౌడర్ కొనమన్నాడు ట్రైనర్. ఆ 0.8 నీళ్ళ తేడా కూడా కావచ్చు. మా కోడింగ్ భాషలో ఆఫ్‌సెట్ వేరు, నాయిస్ వేరు. అసలు అంకెకి ఉన్న దూరం ఒకే మనిషికి, ఒకే పద్ధతిలో చాలావరకు అలాగే ఉంటుంది కాబట్టి మార్పు చూడటానికి అంతగా అడ్డు రాదు. అడ్డొచ్చేది రోజురోజుకీ ఊగే నాయిస్. అందుకే క్యాలిపర్ 18.9ని వచ్చే నెల మెషిన్ 22తో పోల్చి "పెరిగింది" అనడం కుదరదు.

మీ నాయిస్ ఎంతో తెలుసుకోవడం తేలికే. వారం రోజులు పొద్దున్నే, టాయిలెట్‌కి వెళ్ళొచ్చాక, ఏమీ తాగకముందు అదే మెషిన్ ఎక్కండి. అంకెలు 21.8 నుంచి 23 దాకా తిరిగితే, 1.2 కన్నా చిన్న మార్పుని మార్పు అనకండి.