ముహూర్తానికి 42 నిమిషాల ముందు

హైదరాబాద్‌లో పుట్టిన సరోజినీ నాయుడు పేరు పెట్టుకున్న ఆ ఢిల్లీ కాలనీకి బేరాల్లో దేశవ్యాప్తంగా పేరుంది. సరోజినీ నగర్ మార్కెట్లో ఐదొందలన్న చొక్కాను రెండొందలకు ఇప్పించుకోలేనివాణ్ణి చేతకానివాడి కిందే లెక్కేస్తారు. దశాబ్దాలుగా అక్కడి ప్రభుత్వ క్వార్టర్లలో కాపురమున్న తెలుగు ఉద్యోగులకూ ఆ విద్య బాగానే అబ్బింది. చిక్కల్లా పెళ్లి ఫోటోగ్రాఫర్ దగ్గర కూడా అదే విద్య ప్రయోగించినప్పుడు వస్తుంది. చొక్కా ధర తగ్గితే చొక్కా పొడవు తగ్గదు. ఫోటోగ్రాఫర్ ధర తగ్గితే మాత్రం ఎక్కడో ఏదో తగ్గుతుంది.

అక్కడే పాతికేళ్లు ఉద్యోగం చేసి రిటైరైన గుంటూరు జిల్లా మిత్రుడొకరు కూతురి పెళ్లయిన పది రోజులకు ఒక బిల్లు పట్టుకుని మా ఇంటికి వచ్చారు. ఫోటోగ్రాఫర్ మొదట 10 గంటలకు 72,000 రూపాయలు అడిగాడు. ఈయన గంటసేపు వాదించి 64,000కు దించారు. అడ్వాన్సు 20,000 ఇచ్చారు. మిగిలింది 44,000 అనుకున్నారు. చేతిలో ఉన్న బిల్లు మాత్రం ఇంకా 88,560 కట్టమంటోంది.

"మోసం కదండీ?" అన్నారాయన. కాగితం మొత్తం చదివాను. మోసమేమీ కనిపించలేదు. ఆయన చదవని వాక్యాలు మాత్రం నాలుగున్నాయి.

మొదటిది గంటల గురించి. ధర 8,000 తగ్గినప్పుడు ప్యాకేజీ కూడా 10 గంటల నుంచి 8 గంటలకు తగ్గింది. అదనపు గంటకు టీమ్ మొత్తానికి 4,500 అని కింద రాసి ఉంది. అంటే 9,000 రూపాయల విలువైన రెండు గంటలు వదులుకుని 8,000 తగ్గించుకున్నారన్నమాట. బేరం గెలిచామనుకున్న రోజే వెయ్యి రూపాయలు పోయాయి.

అసలు దెబ్బ ముహూర్తం దగ్గర పడింది. పెళ్లికూతురి అలంకరణ దగ్గర నుంచి ఫోటోలు కావాలని సాయంత్రం 5 గంటలకు రమ్మన్నారు. ఎనిమిది గంటలంటే రాత్రి ఒంటిగంటకు గడువు తీరుతుంది. జీలకర్ర-బెల్లం ముహూర్తం 1.42కి. ఉత్తరాది పెళ్లిళ్లలోనూ ఫేరాలు చాలాసార్లు అర్ధరాత్రి దాటాకే జరుగుతాయి కాబట్టి అక్కడి కుటుంబాలు "ఫేరాలు అయ్యేదాకా" అని మాట్లాడుకుంటాయి. మనకు ఫేరాల్లేవు. మన క్రమం ఆ కుర్రాడికి తెలియదు, మనవాళ్లు చెప్పలేదు. ఒంటిగంటకు కెమెరా సర్దబోతూ, "అంకుల్‌జీ, మాలలు వేసుకోవడం అయిపోయింది కదా?" అని అడిగాడట. ఆ క్షణంలో ఏ తండ్రి బేరమాడగలడు? మంగళసూత్రం, తలంబ్రాలు, అరుంధతీ దర్శనం, అప్పగింతలు అయ్యేసరికి 4.30. మొత్తం పదకొండున్నర గంటలు. బిల్లులో 12 గంటలుగా వేశాడు. అదనం నాలుగు గంటలు, 18,000.

(ఒక పక్కమాట. జీలకర్ర-బెల్లం వేళ వధూవరుల మధ్య అడ్డుతెర ఉంటుంది. ఒకే స్టిల్ కెమెరా ఉంటే ఒక ముఖమే దొరుకుతుంది. ఈ పెళ్లిలో వరుడి ముఖమే దొరికింది. ఆ ఒక్క గంటకు రెండో ఫోటోగ్రాఫర్‌ను విడిగా అడిగి ఉండాల్సింది.)

రెండోది ఆల్బమ్. ప్యాకేజీలో 40 పేజీలు. పెళ్లి ఆల్బమ్ వ్యాపారంలో లెక్కించేది పేజీ కాదు, షీట్. 12 అంగుళాల ఎత్తు, 36 అంగుళాల వెడల్పున్న షీట్ మధ్యలో మడతపడి రెండు పేజీలవుతుంది. కాబట్టి 40 పేజీలంటే 20 షీట్లే. ఇరువైపుల బంధువులనూ సర్దేసరికి 30 షీట్లయ్యాయి. అదనపు షీట్ 600 చొప్పున పదింటికి 6,000. ఇక్కడ అతను నిజాయితీగా షీట్‌కే ధర రాశాడు. పేజీకి 600 అని రాసి ఉంటే ఇదే 12,000 అయ్యేది. సంతకానికి ముందు ఆ ఒక్క పదం చూసుకోవాలి.

మూడోది ఎడిటింగ్. తీసిన ఫోటోలన్నింటికీ రంగు, వెలుతురు సరిచేయడం ప్యాకేజీలోనే ఉంది. ముఖంపై మెరుపు తగ్గించడం, వెనకాల ఎక్స్‌టెన్షన్ వైరు తీసేయడం లాంటి పని మాత్రం 160 ఫోటోలకే. ఆ పైన ఒక్కోదానికి 80. షీట్‌కు ఏడు ఫోటోలనుకున్నా 30 షీట్లకు 210 కావాలి. అదనంగా 50, అంటే 4,000. షీట్లు పెంచినప్పుడే ఎడిటింగ్ కూడా పెరుగుతుందని ఎవరికీ తట్టదు.

అన్నీ కలిపితే 92,000. నాలుగో వాక్యం జీఎస్టీ అదనమని. 18 శాతం చొప్పున 16,560 పడింది. మొత్తం 1,08,560. అందులో అడ్వాన్సు పోగా 88,560. లెక్కలో తప్పులేదు. జీఎస్టీ రిజిస్ట్రేషన్ లేని ఫోటోగ్రాఫర్‌కు ఈ పన్ను వసూలు చేసే హక్కు లేదు గానీ, ఇతని బిల్లుపై నంబరుంది.

గంటకు 4,500 ఎక్కువా? 64,000ను ఎనిమిదితో భాగించి గంటకు 8,000 పడుతోంది కదా, అదనపు గంట చవకేనని మిత్రుడు అనుకున్నారు. అలా భాగించకూడదు. అదే రేట్ల ప్రకారం ప్యాకేజీలోని 20 షీట్లకు 12,000, అతను చెప్పిన అట్ట, బైండింగ్ ధర 3,000, ఎడిటింగ్‌కు 12,800 తీసేస్తే గంటలకు మిగిలేది 36,200. గంటకు 4,525. అదనపు గంట ధర దాదాపు అంతే కాబట్టి అతను న్యాయంగానే వేశాడు. ఈ తీసివేత చేశాక అదనపు గంట ధర రెట్టింపు కనిపిస్తే అప్పుడు అనుమానించాలి. తక్కువ గంటలతో ఆకర్షించి తర్వాత లాగే పద్ధతి అది.

బాధ కలిగించేది ఇంకొకటి. అదే కాగితం వెనక 12 గంటలు, 30 షీట్లు, 200 ఎడిటింగ్‌లతో 80,000 ప్యాకేజీ ఉంది. పది ఫోటోలు అదనమైనా 80,800, పన్నుతో 95,344. మొదటే అది తీసుకుని ఉంటే 13,216 మిగిలేవి. ముహూర్తం ఎన్నింటికో శుభలేఖలో అచ్చేసిన మనిషి, ఆ శుభలేఖను పక్కన పెట్టుకుని ప్యాకేజీ ఎంచుకోలేదు.

అడ్వాన్సు గురించి కూడా ఆయన అడిగారు. రసీదులో "తిరిగి ఇవ్వబడదు" అని ఉంది. మైల వచ్చి ముహూర్తం మారడం మన ఇళ్లలో ఉన్నదే. అలాంటప్పుడు ఈ మాటే తుది తీర్పు కాదు. ఒప్పందంలో జరిమానా మొత్తం రాసుకున్నా, సహేతుకమైన నష్టపరిహారం దాటి రాదని 1872 కాంట్రాక్ట్ చట్టంలోని 74వ సెక్షన్ చెబుతుంది. ఆరు నెలల ముందు రద్దు చేస్తే ఆ తేదీకి అతనికి మరో పెళ్లి దొరకవచ్చు. దేవోత్థాన ఏకాదశి లాంటి రద్దీ రోజున, వారం ముందు రద్దు చేస్తే దొరకదు. రెండూ ఒకటి కావు. కోర్టుల దాకా వెళ్లేకంటే, తేదీ మారితే అడ్వాన్సు కొత్త తేదీకి వర్తిస్తుందని రసీదుపైనే రాయించుకోవడం తేలిక. ఆ 20,000లో పన్ను కలిసి ఉందో లేదో కూడా అక్కడే తేల్చుకోవాలి.

ఇక మిగిలింది ఆ అరగంట. పదకొండున్నరను పన్నెండు చేయవచ్చని కాగితంలో ఎక్కడా లేదు. మిత్రుడు మర్నాడు వెళ్లి ఆ ఒక్క విషయమే అడిగారు. ఫోటోగ్రాఫర్ కాసేపు కాగితం చూసి 2,250, దానిపై పన్ను 405 కొట్టేశాడు. ఈయన 85,905 చెల్లించి ఆల్బమ్‌కు ఫోటోలు ఎంచడం మొదలెట్టారు. ఆ ఎంపికలో ఇప్పటికి 26 షీట్లకు తగ్గారట. భార్య ఒప్పుకోవడం లేదు.